నాలుగు ఆంపియర్ల వెనక రెండు కారణాలు: ఫొటోలో వచ్చిన ఒక సర్క్యూట్ కేసు

నేపథ్యం

పదో తరగతి పిల్లలకు, పాలిసెట్ రాసేవాళ్లకు నేను సాయంత్రాలు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. పిల్లలు ఇంటి దగ్గర లెక్కలు చేసుకుంటూ ఎక్కడైనా ఆగిపోతే ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పంపుతారు. అలా వచ్చేవాటిలో ఎక్కువ భాగం కరెంటు పాఠం లెక్కలే. మాటల్లో ఉన్న లెక్కయితే టైపు చేసి అడగొచ్చు. సర్క్యూట్ బొమ్మను టైపు చెయ్యలేరు కాబట్టి ఫొటో తప్పదు.

ఇక్కడ రాస్తున్నది అలా వచ్చిన ఒక్క ఫొటో గురించి. అమ్మాయి పేరు, ఊరు, బడి వివరాలు తీసేశాను. లెక్కలోని అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసంతా ఆ అంకెల మీదే నడిచింది. ఆ అమ్మాయికి ఓమ్ నియమం బాగా వచ్చు. శ్రేణిలో ఉంటే నిరోధాలను కూడాలి, సమాంతరంలో ఉంటే విలోమాలను కూడాలి అన్నది నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. భిన్నాల కూడికలో తడబడదు. అంటే సూత్రాలు రాకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదు. తప్పంతా సూత్రం దాకా వెళ్లకముందే, బొమ్మను చదివే దగ్గర జరిగింది.

వచ్చిన సమస్య

ప్రాక్టీస్ షీట్‌లో ప్రశ్న చిన్నదే: పటంలో చూపిన సర్క్యూట్ ఫలిత నిరోధం ఎంత, బ్యాటరీ నుంచి ప్రవహించే విద్యుత్ ఎంత? బ్యాటరీ 12 వోల్టులు. దాని ధన ధ్రువం నుంచి బయలుదేరిన తీగ ముందు R1 అనే రెసిస్టర్ గుండా వెళ్లి ఒక బిందువుకు చేరుతుంది. దాన్ని P అందాం. P నుంచి కుడివైపుకు ఒకే గీత మీద వరుసగా మూడు రెసిస్టర్లు ఉన్నాయి: P నుంచి Q దాకా R2, Q నుంచి S దాకా R3, S నుంచి T దాకా R4. T తర్వాత R5, ఆపైన బ్యాటరీ రుణ ధ్రువం. విలువలు ఇవి:

R1 = 1 Ω, R2 = 6 Ω, R3 = 12 Ω, R4 = 12 Ω, R5 = 2 Ω

ఇక్కడితో ఆగితే అన్నీ శ్రేణిలోనే ఉన్నట్టు. కానీ బొమ్మలో ఇంకో రెండు తీగలున్నాయి. ఒకటి P దగ్గర పైకి లేచి, Q మీదుగా వెళ్లి, S దగ్గర దిగుతుంది. రెండోది Q దగ్గర పైకి లేచి, మొదటి తీగ కన్నా ఇంకొంచెం ఎత్తున S మీదుగా వెళ్లి, T దగ్గర దిగుతుంది. రెండూ పైవైపే గీశారు కాబట్టి Q నుంచి పైకి లేచే తీగ, P నుంచి S కు వెళ్లే తీగను ఒక్కచోట అడ్డంగా దాటాలి. ఆ ఒక్క చోటును గుర్తుపెట్టుకోండి, ఈ కేసు అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కింద నాలుగు ఆప్షన్లు: 0.36 A, 1.33 A, 2 A, 4 A. ఫొటోతో పాటు ఆ అమ్మాయి పెట్టిన మెసేజ్ ఇది: “సార్, నాకు 4 వస్తోంది. కీలో 2 అని ఉంది. ఆప్షన్లలో 4 కూడా ఉంది కదా, కీ తప్పు పడిందా?”

కీ తప్పు పడటం జరగని విషయమేమీ కాదు. కాబట్టి ఆ మాటను కొట్టిపారెయ్యకుండా ముందు ఫొటోను జాగ్రత్తగా చదివాను.

ఫొటోలో ఏముంది, ఏం లేదు

ఫొటోలో వచ్చిన సర్క్యూట్ ఏదైనా, లెక్క మొదలుపెట్టే ముందు విలువలన్నీ నేను మళ్లీ రాసి పంపుతాను, “నేను చదివింది ఇది, సరేనా?” అని. ఇందులో R1 దగ్గర కాస్త అనుమానం వచ్చింది. పేజీని పక్కనుంచి వంచి తీసిన ఫొటో కావడంతో ఎడమ అంచు దూరంగా పోయి, అక్కడి అక్షరాలు నలిగినట్టున్నాయి. 1Ω అన్నది 10 లాగా కనబడుతోంది. ఓమ్ గుర్తు సున్నాలా కనబడటం తరచూ జరిగేదే. దీన్ని తేల్చడానికి తేలికైన దారి ఉంది: మిగతా నాలుగు విలువల చివరా ఓమ్ గుర్తు ఉంది, దీనికి మాత్రం లేకుండా ఎందుకు ఉంటుంది? కాబట్టి ఆ సున్నా సున్నా కాదు, ఓమ్ గుర్తే. అమ్మాయి కూడా షీట్ చూసి ఒకటే అని చెప్పింది.

రెండో అనుమానం అంత తేలిగ్గా తీరలేదు. Q పైన రెండు తీగలు దాటుకునే చోట నల్లటి మచ్చ ఒకటి ఉంది. అది జంక్షన్ చుక్కా? షీట్ మీద మరకా? లేక మరేదైనానా? పటాల్లో రెండు తీగలు కలిస్తే నిండు చుక్క పెడతారు. కలవకుండా దాటితే చుక్క లేకుండా వదిలేస్తారు, లేదా ఒక తీగను చిన్న అర్ధవృత్తంలా వంచి రెండోదాని మీద నుంచి దాటిస్తారు. ఈ మచ్చ చుక్క కన్నా కొంచెం పెద్దదిగా, పైవైపు ఉబ్బినట్టు ఉంది. ఫొటోను ఎంత జూమ్ చేసినా అంతకు మించి తెలియలేదు, ఆ చోట పిక్సెళ్లే లేవు.

ఈ మచ్చ అర్థాన్ని బట్టి సమాధానం పూర్తిగా మారిపోతుంది. అది చుక్క అయితే Q వచ్చి P–S తీగకు అతుక్కుంటుంది. అప్పుడు P, Q, S మూడూ ఒకటే. Q నుంచి T కు ఎలాగూ తీగ ఉంది కాబట్టి T కూడా వాటిలో కలిసిపోతుంది. మూడు రెసిస్టర్లకూ రెండు కొసలూ ఒకే తీగ మీద పడతాయి, వాటి గుండా ఏమీ పారదు. మిగిలేది R1, R5 మాత్రమే: మొత్తం 3 ఓములు, ప్రవాహం 12/3, అంటే 4 ఆంపియర్లు. అచ్చం ఆ అమ్మాయికి వచ్చిన జవాబే.

అయితే ఆ అమ్మాయి మచ్చను చుక్కగా చదివి 4 తెచ్చిందా? అలా అనుకోవడానికి లేదు. ఇదే బొమ్మలో మచ్చను అసలు చూడకపోయినా 4 తెప్పించే ఇంకో ఆలోచన ఉంది, ఏటా ఎవరో ఒకరి దగ్గర అది కనబడుతుంది. “P నుంచి S కు వట్టి తీగ ఉంది. దాని కింద R2, R3 ఉన్నాయి. కరెంటు అడ్డులేని దారినే పోతుంది కాబట్టి R2, R3 షార్ట్ అయిపోయాయి. అలాగే Q నుంచి T కు వట్టి తీగ, దాని కింద R3, R4. అవీ షార్ట్.” అలా మూడూ పోయి మళ్లీ 3 ఓములు, 4 ఆంపియర్లే.

ఒకటి చూపులో తప్పు, ఇంకొకటి ఆలోచనలో తప్పు. రెంటికీ జవాబు మాత్రం ఒకటే. జవాబు పక్కన కొట్టివేత గుర్తు పెట్టి సరైన లెక్క పంపిస్తే వీటిలో ఏది జరిగిందో నాకూ తెలియదు, తనకూ తెలియదు. అందుకే జవాబు చెప్పకుండా రఫ్ పేజీ ఫొటో పంపమన్నాను.

మొదటి ప్రయత్నం: షార్ట్ అంటే ఏమిటి

రఫ్ పేజీలో విషయం స్పష్టంగా ఉంది. R2, R3, R4 మూడింటి మీదా పెన్సిల్‌తో అడ్డగీతలు కొట్టి పక్కన “షార్ట్” అని రాసుకుంది. దాటుడు దగ్గర ఏ గుర్తూ లేదు, దాన్ని పట్టించుకోనే లేదు. కాబట్టి కారణం ఆలోచనలో ఉంది, ఫొటోలో కాదు అని తేల్చుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాను.

షార్ట్ అన్న మాటకు ఆ అమ్మాయి పెట్టుకున్న అర్థం “పైన వట్టి తీగ ఉండటం”. బొమ్మలో తీగ ఎవరి నెత్తిమీదుగా పోతే వాళ్లు షార్ట్. నిజానికి తీగ ఎక్కడి నుంచి పోతోందన్నది లెక్కలోకే రాదు, దాని రెండు కొసలూ ఎక్కడ తగిలాయన్నదే ముఖ్యం. ఒక రెసిస్టర్ షార్ట్ అయిందంటే దాని రెండు కొసలూ ఒకే తీగకు తగిలి ఉండాలి. అందుకని ఫోన్ చేసి ఒక్కటే అడిగాను.

“R2 కి ఎడమ కొస ఎక్కడుందమ్మా?”

“P దగ్గర సార్.”

“కుడి కొస?”

“Q దగ్గర.”

“నువ్వు చెప్పే వట్టి తీగ P ని దేనితో కలుపుతోంది?”

కాస్త ఆగింది. “S తో... Q తో కాదు.”

ఆ ఆగడంలోనే పని జరిగింది. P–S తీగ R2, R3 అనే జంటను మొత్తంగా దాటుతోంది, విడిగా R2 ను కాదు. R2, R3 నడుమ Q దగ్గర వేరే దారి ఏదీ లేకపోతే ఆ జంట నిజంగానే షార్ట్ అయ్యేది. కానీ Q నుంచి ఇంకో తీగ బయటికి పోతోంది. R2 లోకి P దగ్గర దిగిన కరెంటు Q దగ్గర ఆ తీగ ఎక్కి T కు వెళ్లిపోవచ్చు. ఇంత వరకూ ఆ అమ్మాయికి బాగానే ఎక్కింది.

సాధారణంగా ఇక్కడ టీచర్లం చేసే పని బొమ్మను మనమే తిరగగీసి చూపించడం. ఎడమ పక్క ఒక నిలువు గీత, కుడి పక్క ఒక నిలువు గీత, నడుమ మూడు రెసిస్టర్లు నిచ్చెన మెట్లలా. అలా గీస్తే ఎవరికైనా వెంటనే సమాంతరమని తెలిసిపోతుంది. నేను కావాలనే అది చెయ్యలేదు. తిరగగీసిన బొమ్మలో కష్టమైన భాగం అప్పటికే అయిపోయి ఉంటుంది. దాని మీద లెక్క చేసిన పిల్లలకు ఈ జవాబు వస్తుంది, తర్వాతి బొమ్మ మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది. ఏ కొస ఏ తీగకు తగిలిందో తనే వెతుక్కోవాలి.

రంగులు వేయడం, జవాబు కదలకపోవడం

అందుకోసం నేను వాడే పద్ధతి రంగులది. బ్యాటరీ ధన ధ్రువం దగ్గర ఒక స్కెచ్ పెన్ పట్టుకుని తీగ మీద గీసుకుంటూ పోవాలి. రెసిస్టర్ గానీ బ్యాటరీ గానీ ఎదురైతే ఆగిపోవాలి, దాని గుండా దాటకూడదు. తీగ చీలితే అన్ని చీలికల్లోకీ అదే రంగు పోవాలి. ఇక పోయేందుకు చోటు లేనప్పుడు ఆ రంగు పక్కన పెట్టి, రంగు లేని తీగను చూసుకుని కొత్త రంగు మొదలుపెట్టాలి. ఒకే రంగు ఉన్న చోట్లన్నీ విద్యుత్ పరంగా ఒకే బిందువు, బొమ్మలో ఎంత దూరంగా ఉన్నా సరే. తీగకు నిరోధం లేదని అనుకుంటున్నాం కాబట్టి ఆ రంగు పొడుగునా పొటెన్షియల్ మారదు.

పద్ధతి చెప్పి, షీట్ మీదే వేసి పంపమన్నాను. కాసేపటికి రంగుల ఫొటో వచ్చింది, దాని కింద మెసేజ్: “సార్, మళ్లీ 4 ఏ వచ్చింది. ముందు చేసింది కరెక్టే కదా?”

ఫొటోలో P దగ్గర మొదలైన ఎరుపు పై తీగ ఎక్కి, మచ్చ దగ్గర కిందికి Q లోకి దిగి, అక్కడి నుంచి పైకి పోయి T దాకా పాకింది. మూడు రెసిస్టర్లకూ రెండు పక్కలా ఎరుపే. తను పద్ధతిని పొల్లు పోకుండా పాటించింది. ఇంతకు ముందు పట్టించుకోని మచ్చ ఇప్పుడు స్కెచ్ పెన్‌కు అడ్డం వచ్చింది, తను దాన్ని జంక్షన్ చుక్కగా తీసుకుంది. ఆలోచనలో తప్పు పోయింది, చూపులో తప్పు బయటపడింది, జవాబు మాత్రం కదలకుండా అక్కడే నిలబడింది.

ఈ దశలో చెయ్యకూడనిది ఒకటుంది. కీలో 2 ఉంది కాబట్టి మచ్చను చుక్క కాదనుకో అని చెప్పేయడం. జవాబును బట్టి బొమ్మను సరిచేసుకునే అలవాటు పడితే కీ లేని చోట, అంటే పరీక్ష హాల్లో, చేతికి ఏ ఆధారమూ ఉండదు. అందుకే ముందు తన ధైర్యం నిలబెట్టాను. నీ రంగులు సరిగ్గా ఉన్నాయి, నువ్వు చదివిన బొమ్మకు 4 ఆంపియర్లే సరైన జవాబు, ఇప్పుడు తేలాల్సింది ఆ మచ్చ ఏమిటన్నది మాత్రమే అని చెప్పాను. ముందు వచ్చిన 4 కీ ఇప్పుడు వచ్చిన 4 కీ తేడా ఏమిటో తనతోనే చెప్పించాను. “అప్పుడు తీగ మీద నుంచి పోతోందని కొట్టేశాను. ఇప్పుడు రెండు కొసలూ ఒకే రంగని కొట్టేశాను” అంది. ఆ రెండో కారణం ఎప్పుడూ సరైన కారణమే.

ఇక మచ్చ సంగతి. బొమ్మలోనే దొరికే ఆధారాలు కొన్ని ఉన్నాయి. P, Q, S, T దగ్గర నిజమైన చుక్కలు ఉన్నాయి, అవి నాలుగూ ఒకే సైజులో గుండ్రంగా ఉన్నాయి. మచ్చ వాటి కన్నా పెద్దది, పైకి ఉబ్బి ఉంది. అది చుక్కే అయితే వాటిలాగే ఉండాలి. పైగా అది చుక్కయితే మూడు రెసిస్టర్లు ఊరికే గీసినట్టవుతుంది. ప్రశ్న రాసేవాళ్లు పిల్లల్ని తికమక పెట్టడానికి ఒక్కోసారి అలాంటివి కావాలనే పెడతారు కాబట్టి ఈ రెండో ఆధారం బలమైంది కాదు. మొదటిది బలమైందే గానీ మచ్చ చుక్క కాదని మాత్రమే చెబుతుంది, అదేమిటో చెప్పదు.

అసలైన దారి ఇంకో ఫొటో. తన దగ్గరున్నది ఒరిజినలా, జిరాక్సా అని అడిగితే జిరాక్స్ అంది. ఒరిజినల్ ఒక స్నేహితురాలి దగ్గర ఉంది. దాన్ని తెప్పించుకుని, పేజీని బల్ల మీద పరిచి, ఫోన్‌ను సరిగ్గా పైన పట్టుకుని, ఫ్లాష్ లేకుండా, దాటుడు చోటు ఒక్కటే దగ్గరగా తియ్యమన్నాను. మెసేజ్‌లో మామూలుగా ఫొటో పంపితే సైజు తగ్గి సన్న గీతలు అలుక్కుపోతాయి కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమన్నాను.

మర్నాడు వచ్చిన ఫొటోలో అది చిన్న అర్ధవృత్తం. Q నుంచి వచ్చే తీగ అడ్డ తీగను వంతెనలా దాటుతోంది. ఆ అర్ధవృత్తం లోపలి తెల్లటి చోటు గింజంత కూడా లేదు. జిరాక్స్‌లో అది నల్లగా పూడిపోయి నిండు మచ్చలా మారింది. పైకి ఉబ్బినట్టు కనబడింది అందుకే.

లెక్క కుదిరిన తీరు

ఈసారి ఎరుపు P నుంచి పై తీగ మీదుగా S కు చేరి ఆగింది. Q వైపు దిగలేదు. నీలం Q దగ్గర మొదలై వంతెన దాటి T కు, అక్కడి నుంచి R5 అంచు దాకా వెళ్లింది. బ్యాటరీ నుంచి R1 దాకా ఉన్న ముక్క ఆకుపచ్చ, R5 నుంచి బ్యాటరీకి వెనక్కి వచ్చే ముక్క నలుపు. ఆ తర్వాత బొమ్మను మూసేసి, ప్రతి రెసిస్టర్‌కూ దాని రెండు కొసల రంగులు రాయమన్నాను:

R1: ఆకుపచ్చ, ఎరుపు
R2: ఎరుపు, నీలం
R3: నీలం, ఎరుపు
R4: ఎరుపు, నీలం
R5: నీలం, నలుపు

ఇక బొమ్మతో పనిలేదు. రెండు రెసిస్టర్లకు కొసల రంగులు రెండూ ఒకటే అయితే అవి సమాంతరం. R2, R3, R4 మూడూ ఎరుపు–నీలం నడుమే ఉన్నాయి. బొమ్మలో ఒకే గీత మీద ఒకదాని వెనక ఒకటి ఉన్నా అవి శ్రేణిలో లేవు. శ్రేణి అనాలంటే రెండు రెసిస్టర్లు కలిసే రంగు మీద ఆ రెండు కొసలు తప్ప మూడోది ఉండకూడదు. ఎరుపు మీద R1, R2, R3, R4 నాలుగు కొసలున్నాయి, కాబట్టి R1, R2 శ్రేణి కాదు. మూడింటినీ కలిపి ఒకటి చేశాక ఎరుపు మీద రెండే మిగులుతాయి, అప్పుడు శ్రేణి.

1/R = 1/6 + 1/12 + 1/12 = 4/12, కాబట్టి R = 3 Ω
మొత్తం = 1 + 3 + 2 = 6 Ω
I = 12/6 = 2 A

జవాబు కీతో కలిసినా అక్కడ ఆపలేదు. మధ్యలో ఉన్న R3 విషయంలో తనకు ఇబ్బంది ఉంటుందని అనుకున్నాను, ఉంది కూడా. “సార్, R3 లో కరెంటు ఎటు పోతుంది? ఎడమ నుంచి కుడికేనా?” మంచి ప్రశ్న. ఈ రకం బొమ్మలో చాలామంది R3 ను వదిలేసేది ఇక్కడే, కరెంటు వెనక్కి నడవదని మనసులో గట్టిగా ఉండిపోవడం వల్ల. కరెంటుకు ఎడమ కుడి ఉండవు, ఎక్కువ పొటెన్షియల్ నుంచి తక్కువకు పోతుందంతే. R3 కి ఎరుపు కొస కుడివైపున, S దగ్గర ఉంది. నీలం కొస ఎడమవైపున, Q దగ్గర ఉంది. కాబట్టి అందులో కరెంటు కుడి నుంచి ఎడమకు పారుతుంది.

నమ్మకం కుదరడానికి ఒక్కో తీగలో ఎంత పారుతోందో వేయించాను. మూడు రెసిస్టర్ల మీదా పొటెన్షియల్ తేడా 2 × 3, అంటే 6 వోల్టులు. R2 లో 6/6 = 1 ఆంపియర్, R3 లో 6/12 = 0.5, R4 లోనూ 0.5. ఇక దారి చూడండి. P దగ్గరికి 2 ఆంపియర్లు వచ్చాయి. ఒకటి R2 లోకి దిగింది, మిగిలిన ఒకటి పై తీగ ఎక్కి S కు చేరింది. S దగ్గర అది రెండుగా చీలి సగం వెనక్కి R3 గుండా Q కు, సగం ముందుకు R4 గుండా T కు వెళ్లింది. Q దగ్గర R2 నుంచి వచ్చిన ఒకటి, R3 నుంచి వచ్చిన సగం కలిసి 1.5 ఆంపియర్లు వంతెన తీగ మీదుగా T కు చేరాయి. T దగ్గర 1.5 కు R4 నుంచి వచ్చిన 0.5 కలిసి మళ్లీ 2. ప్రతి జంక్షన్ దగ్గరా వచ్చింది, పోయింది సరిపోయాయి. వోల్టులు కూడా చూసుకుంది: R1 మీద 2, గుంపు మీద 6, R5 మీద 4, మొత్తం 12.

బల్ల మీద చూపించడం

మచ్చను చుక్కగా చదవడం అంటే నిజంగా ఏం చేసినట్టో తను కళ్లారా చూడాలనిపించింది. అందుకని తను ట్యూషన్‌కు వచ్చిన రోజు బ్రెడ్‌బోర్డ్ మీద ఇదే సర్క్యూట్ కట్టించాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పుస్తకంలోని విలువలతో కడితే బ్యాటరీ నుంచి 12 × 2 = 24 వాట్లు వస్తాయి, అందులో R2 ఒక్కదాని మీదే 6 వాట్లు. షాపులో రూపాయికో రెండు రూపాయలకో దొరికే రెసిస్టర్ పావు వాట్‌ది, క్షణాల్లో మాడిపోతుంది. అందుకే విలువలన్నిటినీ వెయ్యి రెట్లు చేశాం: 1, 2, 12 కిలో ఓములు. నిష్పత్తులు మారవు కాబట్టి ఫలిత నిరోధం కూడా వెయ్యి రెట్లే అవుతుంది. 6 కిలో ఓముల రెసిస్టర్ మామూలు షాపుల్లో దొరకదు, 12 కిలో ఓములవి రెండు సమాంతరంగా కలిపి దాని చోట పెట్టాం. 12 కిలో ఓములను సూచించే గోధుమ, ఎరుపు, నారింజ పట్టీలున్నవి నాలుగు ఏరి తీసింది.

బ్యాటరీ పెట్టనే లేదు. నిరోధం కొలిచేటప్పుడు సర్క్యూట్‌లో సరఫరా ఉండకూడదు. మల్టీమీటర్‌ను ఓమ్ స్కేల్ మీద పెట్టి రెండు కొసలకూ తగిలిస్తే 5.93 కిలో ఓములు చూపించింది. బంగారు పట్టీ ఉన్న రెసిస్టర్లు చెప్పిన విలువకు 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, కాబట్టి 5.7 నుంచి 6.3 మధ్య ఏది వచ్చినా సరే. తర్వాత దాటుడు చోట ఒక చిన్న జంపర్ తీగతో రెండు తీగలనూ కలిపాను. అంకె 2.98 కి పడిపోయింది. తీగ తీస్తే మళ్లీ 5.93. తనే నాలుగైదుసార్లు పెట్టి తీసి చూసింది.

ఈ కేసు తర్వాత మారినవి

ఫొటో వచ్చిన వెంటనే నేను ఇప్పుడు రెండు హద్దులు వేయిస్తున్నాను. సమాంతర గుంపు ఎలా ఉందో ఇంకా తెలియకపోయినా అందులోని అతి చిన్న రెసిస్టర్ కన్నా దాని ఫలిత నిరోధం తక్కువే ఉంటుంది. ఈ బొమ్మలో గుంపు సున్నాకూ 6 ఓములకూ మధ్య ఉండాలి. R1, R5 కలిపి 3. అంటే మొత్తం 3 కూ 9 కీ మధ్య, ప్రవాహం 4 కూ 1.33 కూ మధ్య. ఆప్షన్లలో ఉన్న 4, 1.33 సరిగ్గా ఆ అంచుల మీదే ఉన్నాయని గమనించండి. 1.33 ఆంపియర్లు రావాలంటే R2 ఒక్కటే మిగలాలి. 4 రావాలంటే గుంపు మొత్తం మాయమవ్వాలి. 0.36 అన్నది ఐదింటినీ శ్రేణిలో కూడితే వచ్చే 33 ఓములది. ప్రశ్న రాసినవాళ్లు ఏ తప్పు చేస్తే ఏ జవాబు వస్తుందో ముందే లెక్కవేసుకుని ఆప్షన్లు పెట్టారు. అందుకే తన జవాబు ఆప్షన్లలో ఉందన్నది ఈ పరీక్షల్లో ఏమాత్రం భరోసా కాదు.

ఫొటోలో దాటుడు ఉంటే, అక్కడ చుక్క ఉందో వంతెన ఉందో మాటల్లో రాసి పంపమంటున్నాను. ఫొటో ఎంత బాగున్నా సరే, వాళ్లు కాగితం మీద చూసి చెప్పిన మాట ఫొటో కన్నా నమ్మదగ్గది. చెప్పలేకపోతే రెండు రకాలుగానూ లెక్క చేసి, రెండు జవాబులూ రాసి పంపాలి.

రంగుల పద్ధతికి ఒక హద్దుంది, అదీ ఈ అమ్మాయి వల్లే మళ్లీ ముందుకొచ్చింది. తర్వాత పంపిన ఇంకో ఫొటోలో ఐదు రెసిస్టర్ల వంతెన సర్క్యూట్ ఉంది: P నుంచి Q కు 2, Q నుంచి T కు 4, P నుంచి S కు 3, S నుంచి T కు 6, నడుమ Q కూ S కూ 5 ఓములు. రంగులు వేస్తే ఏ రెండు రెసిస్టర్లకూ ఒకే జత రంగులు రాలేదు. P, T లకు తగిలే బ్యాటరీ కొసలను కూడా లెక్కేస్తే రెండే కొసలున్న రంగు కూడా లేదు. “సార్, ఇందులో శ్రేణీ లేదు, సమాంతరమూ లేదు” అని రాసింది. పద్ధతి పని చేయలేదని తను అనుకుంది గానీ పద్ధతి చెప్పాల్సిందే చెప్పింది: ఈ బొమ్మ ఆ రెండు సూత్రాలతో తగ్గదు.

ఈ అంకెలకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. 2/4, 3/6 సమానం కాబట్టి Q, S ఒకే పొటెన్షియల్ దగ్గర ఉంటాయి, నడుమ ఉన్న 5 ఓములలో ఏమీ పారదు. దాన్ని తీసేస్తే ఒక పక్క 6, ఒక పక్క 9 సమాంతరంలో మిగిలి ఫలిత నిరోధం 54/15, అంటే 3.6 ఓములు వస్తుంది. S నుంచి T కు ఉన్న 6 ఓముల చోట 3 ఉండి ఉంటే నిష్పత్తి చెడి, ఈ దారి మూసుకుపోయేది. అప్పుడు కిర్కాఫ్ నియమాలతో సమీకరణాలు రాసుకోవాలి. తనకు ఆ పాఠం ఇంకా రాలేదు కాబట్టి ప్రస్తుతానికి ముందు నిష్పత్తి చూసుకోమని, కుదరకపోతే ఆ ప్రశ్నను వదిలి తర్వాతిదానికి వెళ్లమని చెప్పాను.